బాత్‌రూమ్‌లో వాసన: స్ప్రే పక్కన పెట్టి జాలీ ఎత్తి చూడండి

ప్రశ్న: మా ఇంట్లో రెండు బాత్‌రూములు. పడకగదికి ఆనుకుని ఉన్నదాంట్లో పొద్దున్నే తలుపు తీయగానే మురుక్కాలవ వాసన గుప్పుమంటుంది. పది రోజులు ఊరెళ్లి వస్తే మరీ ఘోరం. సాయంత్రానికి అది తగ్గి, ఆరని గుడ్డల వాసన లాంటిది మొదలవుతుంది. స్ప్రేలు వాడాను, కలరా ఉండలు వేశాను. వారానికోసారి యాసిడ్ పోసి కడుగుతున్నాను. కడిగిన రోజు బాగానే ఉంటుంది, మూడో రోజుకు మళ్లీ మామూలే. టైల్స్ మొత్తం పగలగొట్టి కొత్తవి వేయాలంటున్నాడు మేస్త్రీ. ఎవరైనా ఇంటికొస్తున్నారంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

మేస్త్రీని ఓ పది రోజులు ఆగమనండి. మీ బాత్‌రూమ్‌లో ఉన్నది ఒక వాసన కాదు, రెండు. పొద్దున వచ్చేది పైపుల లోపలి గాలి. సాయంత్రం వచ్చేది ఆరని తడి. రెండూ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి ఒకటే అనుకుని ఒకే మందు వేస్తున్నారు. నిజానికి వీటి వైద్యం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిదానికి నీళ్లు ఉండాల్సిన చోట నిలవాలి, రెండోదానికి నీళ్లు ఉండకూడని చోటి నుంచి పోవాలి. మీరు వారం వారం పోస్తున్న యాసిడ్ ఈ రెండింటిలో ఏ ఒక్కటీ చేయదు. పైగా రెండోదాన్ని పెంచుతోందని నా అనుమానం. ఎందుకో కింద చెబుతాను.

ముందు స్ప్రేలూ ఉండలూ మూడు రోజులు పూర్తిగా ఆపండి. కలరా ఉండలు ఎలాగూ మంచివి కావు. అవి కరగడమంటే ఆవిరై గాల్లో కలవడమే, ఆ గాలినే మనం పీలుస్తాం. స్ప్రే ఆపమనడానికి కారణం మాత్రం వేరే ఉంది. పరిమళం గదిలో ఉన్నంతసేపూ అసలు వాసన ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోలేం. ఇంకో సంగతి, ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది. ఏ వాసన అయినా కొన్ని నిమిషాలు పీలిస్తే అది ఉన్నట్టే అనిపించదు. అందుకే రోజంతా ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియనిది బయటి నుంచి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే తెలుస్తుంది. కాబట్టి వాసన చూడాల్సి వచ్చినప్పుడల్లా ఓ పావుగంట బయట తిరిగొచ్చి చూడండి.

ఇప్పుడు ఒక రాత్రి పరీక్ష. పడుకునే ముందు ఆ బాత్‌రూమ్‌లో పైపులోకి వెళ్లే దారులన్నీ లెక్కపెట్టండి. నేల మీది జాలీ, వాష్‌బేసిన్ కన్నం, బేసిన్ కింది పైపు నేలలోకో గోడలోకో దిగే చోటు, కమోడ్. మామూలుగా ఈ నాలుగే ఉంటాయి. వాషింగ్ మెషిన్ పైపు కూడా అక్కడే దిగుతుంటే ఐదు. జాలీ చుట్టూ నేల తుడిచి, ఆరాక, దాని మీద మందంగా ఉన్న ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు అంటించండి. బేసిన్ కన్నానికీ, పైపు దిగే చోటుకీ అలాగే చేయండి. కమోడ్ మూత దించి ఆ సందు కూడా కవరుతో కప్పండి. తలుపు మూసేసి, ఆ రాత్రికి రెండో బాత్‌రూమ్ వాడుకోండి.

పొద్దున తలుపు తీసినప్పుడు మురుగు వాసన లేకపోతే, దొంగ ఆ నాలుగింటిలోనే ఉన్నాడు. ఒక్కో కవరూ అంచు కొంచెం ఎత్తి ముక్కు దగ్గర పెట్టండి. ఏది తీసినప్పుడు గుప్పుమంటుందో అదే. అన్నీ మూసినా వాసన ఉందంటే కమోడ్ అడుగున చూడాలి. దానికి తర్వాత వస్తాను. మీరు ఊరెళ్లి వచ్చినప్పుడు వాసన పెరుగుతోంది కాబట్టి, నా పందెం మాత్రం నేల మీది జాలీ మీదే.

ఎందుకంటే ఆ జాలీ కింద కాపలా కాసేది ఇనుమో రబ్బరో కాదు, గుప్పెడు నీళ్లు. పైపు మధ్యలో వంపు పెట్టి, ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండేలా చేస్తారు. అవతల మురుగు పైపు, ఇవతల మన గది, మధ్యలో ఆ నీళ్లే గోడ. పైనుంచి పోసిన నీళ్లు అవతలికి వెళ్తాయి, అవతలి గాలి ఇవతలికి రాలేదు. దీన్నే ట్రాప్ అంటారు. నేల మీదిదాన్ని ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు 1775లో ఇలాంటి వంపు పైపు ఉన్న టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ కిటుకు మారలేదు. మంచి ట్రాప్‌లో ఈ నీళ్ల అడ్డు 50 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, అంటే 5 సెంటీమీటర్లు. అంతకంటే తక్కువ లోతు ఉన్నవీ ఇళ్లలో చాలానే కనిపిస్తాయి.

ఆ నీళ్లు ఆవిరైపోతే గోడ లేనట్టే. రోజూ స్నానం చేసే చోట అలా జరగదు, ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు చేరుతుంటాయి. ఇల్లు తాళం పెట్టి వెళ్తే మాత్రం రోజురోజుకీ మట్టం తగ్గుతుంది. లోతు తక్కువ ఉన్న ట్రాప్ ఎండల్లో పది రోజులకే వట్టిపోవచ్చు. మీకు జరిగింది ఇదే అనుకుంటాను. ఈసారి ఊరి నుంచి రాగానే స్ప్రే తీయకుండా జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోసి, తలుపు తీసిపెట్టి ఓ గంట చూడండి. వాసన పోయిందంటే విషయం తేలిపోయినట్టే. వెళ్లేముందు జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి, వాటి మీద రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్తే నూనె పొర నీళ్లను ఆవిరి కానివ్వదు. వచ్చాక నీళ్లు పోస్తే అది కొట్టుకుపోతుంది. రోజూ వాడేటప్పుడు మాత్రం నూనె వేయకండి, పైపులో జిడ్డు పేరుకుంటుంది.

మరి మీరు ఇంట్లోనే ఉన్న రోజుల్లో కూడా పొద్దున వాసన ఎందుకు వస్తోంది? ఇక్కడ జాలీ ఎత్తి చూడాల్సిందే. చేతికి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఫోన్ టార్చ్ ఆన్ చేసి, జాలీ పైకి తీయండి. చాలా ఇళ్లలో దాని కింద బోర్లించిన గిన్నెలాంటి కప్పు ఒకటి ఉంటుంది. కొన్నిటిలో అది జాలీకే అతుక్కుని ఉంటుంది, కొన్నిటిలో విడిగా వస్తుంది. దాన్ని కూడా తీస్తే మధ్యలో పొట్టి గొట్టం నిలబడి కనిపిస్తుంది, దాని చుట్టూ కందకంలో నీళ్లు. బోర్లించిన కప్పు అంచు ఆ కందకం నీళ్లలో మునిగి ఉన్నప్పుడే అడ్డు పనిచేస్తుంది. కప్పు లేకపోతే కందకంలో నీళ్లు నిండుగా ఉన్నా ప్రయోజనం లేదు, గొట్టం నోరు నేరుగా మీ గదిలోకి తెరుచుకుని ఉంటుంది. చూసేవాళ్లకు నీళ్లు మెరుస్తూ కనిపిస్తాయి కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా సొంత నిర్వాకం. ఒకప్పుడు మా బాత్‌రూమ్‌లో స్నానం చేస్తుంటే నీళ్లు పాదాల దాకా నిలిచేవి. జాలీ తీసి చూస్తే ఈ కప్పు అడ్డంగా ఉంది. ఇదేదో నీళ్లకు అడ్డుపడుతోందని తీసి కిటికీ గట్టు మీద పెట్టేశాను. నీళ్లు ఝామ్మని వెళ్లిపోయాయి, నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరక్కుండా వాసన మొదలైంది. ఆ రెండూ ఒకటే కథ అని నాకు తట్టనే లేదు. దాదాపు ఏడాది పాటు ఆ కప్పులో పాత టూత్‌బ్రష్‌లు పెట్టుకున్నాను. చివరికి వేరే పని మీద వచ్చిన ప్లంబర్ అది చూసి, "ఇది ఇక్కడెందుకుందండీ?" అని అడిగితే గానీ తెలియలేదు. మీ ఇంట్లో కూడా కప్పు ఉందో లేదో చూడండి. శుభ్రం చేసేవాళ్లు తీసి మళ్లీ పెట్టడం మర్చిపోవడం కూడా మామూలే. పోయి ఉంటే కొలత తీసుకుని అదే సైజుది తెచ్చి పెట్టండి, లేదా ట్రాప్ సెట్ మొత్తం మార్పించండి.

కప్పు ఉండి, నీళ్లు కూడా ఉండి, అయినా వాసన వస్తుంటే అది మురుగు పైపు నుంచి కాదు, ట్రాప్ పైభాగం నుంచే వస్తోంది. జాలీ వెనక్కి తిప్పి చూస్తే మీకే అర్థమవుతుంది. బూడిద రంగులో, మెత్తగా, వేలికి జారే జిగురు ఉంటుంది. దాంట్లో వెంట్రుకలు తాడులా పేనుకుని ఉంటాయి. సబ్బు జిడ్డు, ఒంటి మీది మట్టి, వెంట్రుకలు కలిసిన చోట సూక్ష్మజీవులు కాపురం పెట్టి ఇలా పొర కడతాయి. కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు వీటి నుంచి కూడా పుడుతుంది. యాసిడ్ దీని పైపైన కాల్చి పోతుంది. అడుగు పొర అలాగే ఉండి రెండు మూడు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. మీ "మూడో రోజుకు మళ్లీ మామూలే" వెనక ఉన్న కథ ఇదీ.

దీనికి మందు గీకడమే. వెంట్రుకల తాడును చేత్తోనో, కొన వంచిన తీగతోనో పూర్తిగా లాగేయండి. కప్పూ జాలీ బకెట్‌లో వేసి వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండు వైపులా తోమండి. ట్రాప్ లోపలి గోడలను సీసాలు కడిగే పొడవాటి బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. కంటికి కనిపించే దానికంటే ఓ జానెడు లోపలికి కూడా వెళ్లాలి. ఆ తర్వాత ఒక బకెట్ వేడి నీళ్లు ఒక్కసారిగా పోయండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి. గీజర్ నుంచి వచ్చే వేడి చాలు. మొదటిసారి అరగంట పడుతుంది. తర్వాత వారానికోసారి జాలీ ఎత్తి వెంట్రుకలు తీసి ఒకసారి బ్రష్ తిప్పితే ఐదు నిమిషాల పని. బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. చూడ్డానికి సంబరంగానే ఉంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది పెద్దగా పనికిరాని ఉప్పు నీళ్లే. జిగురును తీసేది బ్రష్ మాత్రమే.

యాసిడ్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. యాసిడ్ పోసిన చోట అదే పూట బ్లీచ్ పోయకండి, బ్లీచ్ పోసిన చోట యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కూడా యాసిడే, డబ్బా మీద చూడండి.

ట్రాప్ శుభ్రం చేశారు, కప్పు ఉంది, నీళ్లు నింపారు. అయినా మర్నాటికి వాసన వచ్చిందనుకోండి. అప్పుడు ఇంకో చిన్న పరీక్ష. జాలీ తీసి టార్చ్ వేసి నీళ్ల మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. మీరు చూస్తూ ఉండగా వేరొకరితో కమోడ్ ఫ్లష్ కొట్టించండి. ఆ సమయంలో ట్రాప్‌లో గుడగుడమని శబ్దం వచ్చి, నీళ్లు ఊగి, మట్టం కిందికి దిగితే ఫ్లష్ నీళ్లు పైపులో పరుగెత్తుతూ ఈ నీళ్లను కూడా తమతో లాక్కుపోతున్నాయన్నమాట. పైపులోకి గాలి వచ్చే దారి సరిగా లేనప్పుడు ఇలా జరుగుతుంది. డాబా మీదికి లేచే గాలి గొట్టంలో ఆకులో పిట్టగూడో అడ్డుపడి ఉండొచ్చు, అసలు గొట్టమే పెట్టకపోయి ఉండొచ్చు. ఇది మీ చేతిలో పని కాదు. ప్లంబర్‌ను పిలిచి "వాసన వస్తోంది" అనకుండా "ఫ్లష్ కొడితే నహానీ ట్రాప్‌లో నీళ్లు దిగిపోతున్నాయి" అని చెప్పండి. మొదటి మాటకు అతను ఏదో ఒక మందు పోసి వెళ్తాడు, రెండో మాటకు డాబా ఎక్కుతాడు.

వాష్‌బేసిన్ సంగతి త్వరగా చెప్పేస్తాను, కానీ తేలిగ్గా తీసుకోకండి. బేసిన్ కింద మడతల మడతల ప్లాస్టిక్ పైపు నేరుగా నేలలోని కన్నంలోకి దిగి ఉంటే అక్కడ ట్రాప్ లేనట్టే. ఆ పైపును U ఆకారంలో వంచి, ఆ వంపు అలాగే నిలిచేలా ట్యాగ్‌తో బిగించండి. వీలైతే దాని బదులు బాటిల్ ట్రాప్ పెట్టించడం మేలు. తర్వాత పైపు కన్నంలో దిగే చోటు చూడండి. పైపు సన్నగా, కన్నం వెడల్పుగా ఉండి చుట్టూ సందు కనిపిస్తే అక్కడి నుంచి మురుగు గాలి దర్జాగా పైకొస్తుంది. దీనికి రబ్బరు కాలర్ అని దొరుకుతుంది, సందులో బిగిస్తే సరిపోతుంది. ఇంత చిన్న రబ్బరు ముక్క లేక నెలల తరబడి స్ప్రేలు కొన్న ఇళ్లు నాకు తెలుసు. బేసిన్ పైఅంచు దగ్గర నీళ్లు పొంగకుండా పెట్టే చిన్న కన్నం ఉంటే దాంట్లోనూ అదే బూడిద జిగురు పేరుకుంటుంది, సన్నటి బ్రష్ దూర్చి తోమండి.

కమోడ్ విషయంలో చూడాల్సింది అది నేలను తాకే అంచు. కమోడ్ మీద కూర్చుని కొంచెం పక్కకు ఒరిగితే కదులుతోందా? అంచు చుట్టూ వేసిన తెల్ల సిమెంట్ పగిలి పసుపు రంగు కనిపిస్తోందా? అయితే ఫ్లష్ కొట్టినప్పుడల్లా కాసిని నీళ్లు అడుగున చేరుతున్నాయేమో చూడాలి. ట్యాంకులో కొంచెం రంగు కలిపి మూడు నాలుగుసార్లు ఫ్లష్ కొట్టి, అంచు చుట్టూ తెల్ల టిష్యూ అద్దండి. టిష్యూకు రంగు అంటితే కమోడ్ ఎత్తి అడుగు సీల్ మార్పించాలి. పైపైన సిమెంట్ పూస్తే మురికి లోపలే ఉండిపోతుంది.

ఇక సాయంత్రం వాసన. యాసిడ్ మీద నా అనుమానం చెప్పాల్సింది ఇక్కడే. టైల్స్ మధ్య గీతల్లో నింపే గ్రౌట్ సాధారణంగా సిమెంటుతో చేసింది. యాసిడ్ సిమెంటును కరిగిస్తుంది. పోసినప్పుడు బుడగలు రావడం మీరు చూసే ఉంటారు. మురికి పోతోందనుకుంటాం, పోతున్నది గ్రౌట్ కూడా. వారం వారం ఇలా చేస్తే గీతలు గుంటలు పడి, సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి. స్నానం నీళ్లు వాటిలోంచి టైల్స్ కిందికి దిగి అక్కడే నిలుస్తాయి. పైన టైల్ గంటలో ఆరిపోతుంది, కింద టైల్స్ పరిచిన సిమెంటు పొర వారాలైనా ఆరదు. పగలంతా గది వేడెక్కేసరికి ఆ తడి వాసన పైకి లేస్తుంది. మీరు నేల మీది గ్రౌట్ గీతను వేలితో గీసి చూడండి. గీత టైల్ కంటే లోతుగా ఉండి, ఇసుకలా పొడి రాలుతుంటే యాసిడ్ దెబ్బ తగిలినట్టే.

మీకు రెండో బాత్‌రూమ్ ఉండడం ఇక్కడ పెద్ద వరం. ఈ బాత్‌రూమ్‌ను రెండు రోజులు పూర్తిగా వాడకుండా ఉంచండి. నేల తుడిచి, తలుపూ కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి వదిలేయండి. 48 గంటల తర్వాత వెళ్లి గీతల రంగు చూడండి. అన్నీ ఒకే లేత రంగులో ఉంటే తడి పైపైదే, గాలాడక ఆరడం లేదు, అంతే. కొన్నిచోట్ల గీతలు ఇంకా నల్లగా, తడిగా ఉంటే ఆ భాగం కింద నీళ్లున్నాయి. అనుమానం తీరకపోతే ఆ చోట మూరెడు ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసి, మరో రోజు ఆగి చూడండి. షీటు అడుగువైపు చెమట పట్టినట్టు చుక్కలుంటే తడి కింది నుంచి వస్తోంది. పైవైపు చుక్కలుంటే గదిలోని ఆవిరి. గోడకు కూడా ఇదే పరీక్ష పనిచేస్తుంది.

వాడకుండా ఉంచిన ఈ రెండు రోజుల్లో జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయడం మర్చిపోకండి. పరీక్ష చేస్తూ ట్రాప్ ఎండగొట్టుకుంటే మళ్లీ మొదటి వాసన వచ్చి అంతా కలగాపులగం అవుతుంది.

తడి కింద ఉందని తేలినా టైల్స్ పగలగొట్టాల్సిన పని చాలాసార్లు ఉండదు. పాత గ్రౌట్‌ను కనీసం 3 మిల్లీమీటర్ల లోతు వరకు గీకి తీసేసి, నేలను బాగా ఆరనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం ఈ ఆరనివ్వడమే. మేస్త్రీలు తొందరపడి అదే రోజు నింపేస్తారు, తడి కిందే బందీ అయిపోతుంది. గీకాక వారం రోజులు గది వాడకుండా, ఫ్యాన్ వేసి ఉంచండి. ప్లాస్టిక్ షీటు పరీక్షలో చుక్కలు రాని రోజున ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. అది నీళ్లు పీల్చదు, మామూలు క్లీనర్లకు చెదరదు. నేలా గోడా కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్ కాకుండా సిలికాన్ వేయించండి. ఆ రెండూ వేర్వేరుగా కదులుతుంటాయి కాబట్టి గట్టి పదార్థం ఏది వేసినా అక్కడ చీలుతుంది. ఆ తర్వాత యాసిడ్ సీసా ఇంట్లోకి రానివ్వకండి. నేల కడగడానికి డిటర్జెంట్ నీళ్లూ బ్రష్ చాలు.

మేస్త్రీ మాట నిజమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒక బకెట్ నీళ్లు నేలంతా పోసి పది నిమిషాలు ఆగి చూడండి. జాలీకి దూరంగా మడుగు కట్టి నిలిచిపోతే నేల వాలు తప్పింది. మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలి. లేకపోతే ఎంత గ్రౌట్ వేసినా అక్కడ తడి ఆరదు. టైల్‌ను నాణెంతో కొడితే చాలాచోట్ల డొల్ల శబ్దం వచ్చినా, గోడ అవతలి వైపు పెయింట్ ఉబ్బి రాలుతున్నా, లోపలి పైపు లీకవుతున్నా కూడా పగలగొట్టక తప్పదు. వీటిలో ఏదీ కనిపించకపోతే డబ్బు దాచుకోండి.

రెండు రోజుల్లో గీతలన్నీ తేలిగ్గా ఆరిపోయాయంటే మీ సమస్య గాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందంటే గాలి లాగుతోందని అర్థం కాదు. తలుపు మూసి, ఫ్యాన్ వేసి, ఒక పలచటి టిష్యూ కాగితం దాని జాలీకి దగ్గరగా పెట్టండి. అంటుకుని నిలవాలి. జారి పడిపోతే ముందు రెక్కల మీది దుమ్ము తుడవండి. అయినా నిలవకపోతే తలుపు కొంచెం తెరిచి మళ్లీ పెట్టండి. అప్పుడు నిలిచిందంటే లోపం ఫ్యాన్‌ది కాదు, లోపలికి గాలి వచ్చే దారి లేదు. తలుపు కింద 2 సెంటీమీటర్ల సందు ఉండాలి. నీళ్లు బయటికి రాకూడదని ఆ సందుకు రబ్బరు పట్టీ కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. లోపలికి గాలి రాకపోతే బయటికి పోయే గాలి ఎక్కడిది?

అన్నట్టు, ఈ ఫ్యాన్ డ్రైన్‌ను కూడా పట్టిస్తుంది. తలుపు బిగించి ఫ్యాన్ వేసినప్పుడు మురుగు వాసన తగ్గే బదులు పెరిగిందంటే, వేరే దారి లేక ఫ్యాన్ ఎండిన ట్రాప్ లోంచి గాలి లాగుతోంది. ముందు ట్రాప్ సరిచేయండి.

స్నానం అయ్యాక గోడల మీదా నేల మీదా ఉన్న నీళ్లను రబ్బరు వైపర్‌తో జాలీలోకి లాగేయండి, రెండు నిమిషాల పని. అక్కడ ఆరాల్సిన నీళ్లలో ఎక్కువ భాగం అలా పోతుంది. తర్వాత ఫ్యాన్ 20 నుంచి 30 నిమిషాలు తిరగనివ్వండి. తడి టవలూ, విడిచిన బట్టలూ, కాళ్లు తుడుచుకునే పట్టా బయట ఆరేయండి. ఒకసారి బకెట్ అడుగూ, మగ్గు పిడి లోపలా, స్టూల్ కాళ్ల కింద రబ్బర్లూ తడిమి చూడండి. "టైల్స్ కింద ఏదో ఉంది" అనుకున్న వాసన బకెట్ అడుగున జిగురు నుంచి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. గోడ మూలల్లో గులాబీ రంగు జారుడు కనిపిస్తే అది కూడా సూక్ష్మజీవులే, డిటర్జెంట్‌తో రుద్దితే పోతుంది. ఆరని చోట మళ్లీ వస్తుంది.

మీరైతే ఈ వరసలో చేయండి. ఈ రోజే స్ప్రే ఆపండి, మూడో రాత్రి కవర్ల పరీక్ష, మర్నాడు జాలీ ఎత్తి తోమడం. ఆ తర్వాతి రెండు రోజులు గది ఆరబెట్టి గీతల రంగు చూడటం. అంటే వారం తిరిగేసరికి ఏ వాసన ఎక్కడి నుంచో తెలిసిపోతుంది. జాలీ కింద కప్పు ఉందో లేదో, 48 గంటల తర్వాత ఏయే గీతలు నల్లగా ఉన్నాయో రాసి పంపండి. గీతలు నల్లగా ఉన్నది ఒక్క షవర్ కిందేనా, జాలీ చుట్టూ కూడానా అన్నది తప్పకుండా రాయండి. జాలీ చుట్టూ మాత్రమే ఉంటే ట్రాప్‌కూ టైల్‌కూ మధ్య అతుకు ఊడి ఉంటుంది. అప్పుడు మేస్త్రీతో ఆ ఒక్క టైల్ ఎత్తించి, అక్కడ అతుకు వేయిస్తే సరిపోతుంది.